నాలుగు అరల చీటీ

సోప్ అంటే ఒళ్ళు రుద్దుకునే సబ్బనుకునేరు! డాక్టర్లు రోగి సంగతులు రాసుకునే పద్ధతికి కూడా అదే పేరు. 1960 ప్రాంతాల్లో అమెరికాలో లారెన్స్ వీడ్ అనే డాక్టరు ఈ మాదిరి రాతకు బాట వేశాడు. ఇందులో నాలుగు అరలు. ఎస్ అంటే రోగీ, ఇంటివాళ్ళూ చెప్పింది. ఓ అంటే డాక్టరు చూసిందీ, కొలిచిందీ. ఏ అంటే ఆయన అంచనా. పి అంటే చేయదలచింది.

డాక్టరుగారు గబగబా గిలికిన చీటీని ఈ అరల్లోకి మార్చడం తేలికే. అందులో ఒక్క సంగతీ జారిపోకుండా, ఒక్కటీ కొత్తగా చేరకుండా మార్చడమే కష్టం. ఈ చీటీ చూడండి:

"52 ఏళ్ళు. 3 రోజులుగా దగ్గు, జ్వరం. నిన్న రాత్రి ఇంట్లో 103. ఇప్పుడు 100.4. గుండెలో నొప్పి లేదంటాడు. కుడి ఊపిరితిత్తి అడుగున చిటపట శబ్దం. న్యుమోనియా కావచ్చు. ఎక్స్‌రే తీయాలి. చుట్ట కాల్చనంటాడు, రోజుకు రెండని భార్య. లోగడ పెన్సిలిన్‌తో దద్దుర్లు."

ముందుగా సంగతులకు అంకెలు వేయాలి. లెక్కిస్తే పన్నెండు. ఇక అరల్లో సర్దాలి. 103 అంకే అయినా ఓ లోకి పోదు. అది ఇంట్లో చూసుకుని వచ్చి చెప్పింది గనక ఎస్ లోనే ఉండాలి. ఇక్కడ కొలిచిన 100.4, చెవిని పడ్డ చిటపట శబ్దం మాత్రం ఓ లోకి పోతాయి. "నొప్పి లేదు" అన్నది కూడా ఒక సంగతే. లేనిదాన్ని రాయడమెందుకని వదిలేస్తే, అసలు అడిగారో లేదో తర్వాతి డాక్టరుకు తెలియదు.

చుట్టల విషయంలో మొగుడూ పెళ్ళాల తగవు మనం తీర్చకూడదు. ఇద్దరి మాటలూ, ఎవరన్నది వారి పేరనే, ఎస్ లో రాయాలి.

ఏ లో "న్యుమోనియా కావచ్చు" అనే రాయాలి. "కావచ్చు" ఎగిరిపోయిందా, అనుమానం కాస్తా నిర్ధారణ అయి కూర్చుంటుంది. పి లో ఎక్స్‌రే ఒక్కటే. న్యుమోనియా అన్నారు గదా అని మందు పేరు చేర్చామో, డాక్టరు చెప్పని వైద్యం చెప్పినట్టవుతుంది.

చిట్టచివరి ముక్కే అసలు ప్రాణం మీది మాట. పెన్సిలిన్ సంగతి తోకలో ఉంది గనక జారిపోవడం సులభం. దాన్ని ఎస్ లో, పాత చరిత్ర కింద రాయాలి. "పెన్సిలిన్ పడదు" అని కుదించినా నష్టమే. వచ్చింది దద్దుర్లా, ఊపిరాడకపోవడమా అన్నదాన్నిబట్టే రేపు డాక్టరు మందు ఎంచుకుంటాడు. అది ఎవరు చెప్పారో చీటీలో లేదు. మనం ఊహించి రాయకూడదు.

ఆఖరున పన్నెండు అంకెలకూ టిక్కులు పెట్టాలి. పదకొండే తేలితే ఒకటి పోయినట్టు. పదమూడైతే ఒకటి మనం పుట్టించినట్టు. అనుమానం వచ్చినచోట రాసినాయన్నే అడగాలి. అందుకే పాత చీటీని పారేయకుండా కొత్తదానికి గుచ్చి ఉంచాలి సుమండీ!