టీకా ఒక్కటే చాలదు.. గాయం కడగడమే తొలి వైద్యం

కుక్క కరిచిన వెంటనే టీకా వేయించుకుంటే ముప్పు తప్పినట్లేనన్న నమ్మకం ప్రజల్లో బలంగా ఉంది. 2025లో కేరళలో జరిగిన ఘటన ఈ నమ్మకంలోని లోపాన్ని బయటపెట్టింది. మలప్పురం జిల్లాలో మార్చి నెలాఖరున ఐదేళ్లు దాటిన బాలికను వీధికుక్క కరిచింది. తలపై తీవ్ర గాయమైంది. టీకాలు వేసినా ఆ చిన్నారి ఏప్రిల్ 29న కన్నుమూసింది.

రేబిస్ వైరస్ గాయం వద్ద నరాల్లోకి ప్రవేశించి మెదడు వైపు సాగుతుంది. టీకా వల్ల శరీరంలో రక్షణ ఏర్పడేందుకు వారం నుంచి రెండు వారాలు పడుతుంది. తల, ముఖం, మెడపై కరిస్తే వైరస్‌కు దారి దగ్గర. ఈ వ్యవధిలో కాపాడేవి రెండే: గాయం శుభ్రత, ఇమ్యునోగ్లోబులిన్.

కరిచిన వెంటనే గాయాన్ని కుళాయి ధార కింద సబ్బుతో కనీసం 15 నిమిషాలు కడగాలి. తర్వాత పోవిడోన్ అయోడిన్ రాయాలి. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు పూయకూడదు. కట్టు బిగించకూడదు. కుట్లు తప్పనిసరైతే ఇమ్యునోగ్లోబులిన్ ఇచ్చాకే వేయించాలి.

రక్తం రాకుండా గోరు గీరినా, పంటితో చర్మం నొక్కుకున్నా టీకా అవసరం. రక్తం వచ్చినా, చిట్లిన చర్మాన్ని లేదా నోరు, కళ్లను నాకినా టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇవ్వాలి. దీన్ని బరువును బట్టి లెక్కిస్తారు. ఉదాహరణకు 15 కిలోల బాలుడి చెంపపై కుక్క కరిస్తే, మానవ రక్తం నుంచి తయారైన మందు 300 యూనిట్లు, గుర్రం సీరం నుంచి తయారైనదైతే 600 యూనిట్లు కావాలి. దాన్ని గాయం లోపలా, చుట్టూ ఎక్కించాలి. చేతికో, తొడకో వేసి వదిలేస్తే గాయంలోని వైరస్ మిగిలే ఉంటుంది. మొదటి టీకా వేసిన ఏడు రోజుల్లోపు మాత్రమే దీనివల్ల ప్రయోజనం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ మందు లేకుంటే టీకా వేయించుకుని అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

చర్మంలోకి వేసే టీకాను తొలిరోజు, ఆపై 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. కుక్క, పిల్లులను పది రోజులు గమనించవచ్చు గానీ, అది బతికి ఉందని తేలేదాకా వైద్యం ఆపకూడదు.

కోతి కరిచినా, గీరినా ఇదే వైద్యం. గబ్బిలాన్ని నేరుగా తాకినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకర వర్గంలో చేర్చింది. ఇళ్లలో తిరిగే ఎలుక, ఉడుత కరిస్తే సాధారణంగా రేబిస్ టీకా అవసరం రాదు. అడవి ఎలుకలైతే వైద్యులను సంప్రదించాలి. నీటిని చూస్తే గొంతు బిగుసుకుపోవడం వంటి లక్షణాలు మొదలయ్యాక మాత్రం ఈ మందులేవీ పనిచేయవు.