ఫిల్టర్ చేసిన నూనె చెప్పని సంగతి

స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఇంజినీరు ‘ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి’ అని ఉత్తరం పెడితే యాజమాన్యం అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: మొన్ననేగా ఆయిల్ ఫిల్టర్ చేయించాం, బీడీవీ బాగానే వచ్చిందిగా? దీనికి ఉత్తరంలోనే జవాబు లేకపోతే ఆ కాగితం ఫైలులో పడి ఉంటుంది. తప్పంతా యాజమాన్యానిదే అనలేను. ‘ఇరవై ఎనిమిదేళ్ల పాతది’ అన్న మాట దాటి ముందుకెళ్లని ఉత్తరాలు చాలా ఉంటాయి. తేలిక లోడు మీద అంతకన్నా ఎక్కువ కాలం నడిచినవీ ఉన్నాయి కాబట్టి వయసొక్కటే కారణంగా చూపితే ఎవరూ నమ్మరు.

బీడీవీ పరీక్షలో 2.5 మిల్లీమీటర్ల ఖాళీ మధ్య నూనె ఎన్ని కిలోవోల్టుల దగ్గర స్పార్క్ కొడుతుందో చూస్తారు. తేమ, నలుసు చేరితే ఆ అంకె పడిపోతుంది. నూనెను వేడిచేసి, వాక్యూమ్‌లో తేమ లాగి ఫిల్టర్ చేస్తే మళ్లీ లేస్తుంది. అంటే 28 ఉన్నది 58కి చేరితే బాగుపడింది నూనె మాత్రమే. వైండింగ్ తీగలకు చుట్టిన కాగితం ఎలా ఉందో ఆ అంకె చెప్పదు. ట్రాన్స్‌ఫార్మర్ ఆయుష్షు ఆ కాగితంలోనే ఉంది.

కాగితం బలాన్ని డీపీ అనే అంకెతో కొలుస్తారు. కొత్తదానికి అది వెయ్యి పైచిలుకు. 200కి దిగితే ఆయుష్షు తీరినట్టే లెక్క. నేరుగా కొలవాలంటే ట్యాంకు విప్పి కాగితం ముక్క కోయాలి. అందుకే కాగితం చివికేటప్పుడు నూనెలోకి వదిలే ఫ్యూరాన్‌ను కొలిచి, చెండాంగ్ సూత్రంతో డీపీని అంచనా కడతారు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 33 కేవీ సరఫరా తీసుకునే మిల్లు, 2 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్. ఫ్యూరాన్ మూడేళ్ల కిందట 0.8 పీపీఎం, నిరుడు 1.7, ఈ ఏడు 2.5 వచ్చిందనుకుందాం. సూత్రం ప్రకారం డీపీ సుమారు 460 నుంచి 320కి జారింది. ఇదే వేగమైతే 200 చేరడానికి రెండున్నరేళ్లు. అదే మూడేళ్లలో నూనె ఆమ్లత గ్రాముకు 0.12 నుంచి 0.31 మిల్లీగ్రాములకు పెరిగిందనుకోండి, రెండు పరీక్షలూ ఒకే మాట చెబుతున్నట్టు.

ఇక్కడ ఇంజినీరు నిజాయితీగా ఒప్పుకోవలసింది ఒకటుంది. ఇది అంచనా మాత్రమే. మట్టి గుండా పంపే శుద్ధి చేయిస్తే ఫ్యూరాన్ కూడా పోయి అంకె మోసం చేస్తుంది. అందువల్ల నూనెకు ఎప్పుడు ఏ శుద్ధి చేయించారో ఆ తేదీలు అంకెల పక్కనే రాయాలి. ఒక్క రిపోర్టు పట్టుకుని కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అడిగే ఉత్తరాన్ని నేనైతే తిప్పి పంపుతాను.

కాగితం ఇంత తొందరగా ఎందుకు చివికిందో లోడు చెప్పాలి. మన ఉదాహరణ మిల్లులో ఐదేళ్ల కిందట వేసవి సగటు లోడు 62 శాతం అనుకుందాం. కొత్త ఫ్రేములు వేశాక 88 అయింది. చూడటానికి ఇంకా 100 లోపే కదా అనిపిస్తుంది. కానీ తీగలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది రెట్టింపైంది. మామూలు కాగితానికి 98 డిగ్రీలు హద్దు. ఆ పైన ప్రతి ఆరు డిగ్రీలకూ చివికే వేగం రెట్టింపవుతుందన్నది లోడింగ్ లెక్కల్లో వాడే నియమం. ఊళ్లో సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు లోడు తగ్గే వేళలంటూ ఉంటాయి. మూడు షిఫ్టుల మిల్లులో అదీ లేదు.

ఇంత చివికినా మెగ్గర్ రీడింగ్ బాగానే రావచ్చు. పెళుసెక్కిన కాగితం కదలకుండా ఉన్నంతసేపు వోల్టేజీని ఆపుతుంది. ఎల్‌టీ వైపు ఎక్కడో షార్ట్ సర్క్యూట్ అయి వైండింగ్ ఒక్క ఉదుటున గుంజుకున్నప్పుడు మాత్రం పగులుతుంది. తప్పు కేబుల్‌ది, పోయేది ట్రాన్స్‌ఫార్మర్.

‘రీవైండింగ్ చేయిస్తే సరిపోదా?’ అన్నది రెండో ప్రశ్న. అది న్యాయమైనదే. కోర్, ట్యాంకు బాగుంటే కాగితం కొత్తదవుతుంది, ఖర్చూ తగ్గుతుంది. పాత కోర్ నష్టాలు మాత్రం అలాగే ఉంటాయి. అయితే ట్రాన్స్‌ఫార్మర్ వర్క్‌షాపులో ఉన్న వారాలపాటు మిల్లు దేనిమీద నడుస్తుంది? స్పేర్ ఉన్న చోట రీవైండింగే మేలని నేనూ అంటాను. లేని చోట, కొత్తది ఆర్డరిచ్చాక చేతికి రావడానికి నెలలు పడుతుంది గనుక, ఉత్తరం రెండు అడగాలి: ఆర్డరు ఇప్పుడే పెట్టడం, అది వచ్చేదాకా కొత్త ఫ్రేముల్లో కొన్నిటిని ఆపి లోడును 70 శాతం దాటనివ్వకపోవడం. రెండోదానికి ప్రొడక్షన్ మేనేజరు సంతకం కూడా కావాలి.