ఇండ్లు అన్నవాడికి తెలుగు రాదా?

మొన్న ముంబయిలో జరిగిన ఒక తెలుగు సభలో ఓ పెద్దమనిషి మైకు పట్టుకుని, కామాటిపురాలో మాట్లాడేది తెలుగే కాదని తీర్పు చెప్పేశాడు. అక్కడివాళ్ళకి 'ళ' పలకదట, ఒత్తులు పలకవట, మరాఠీ సోకి భాష చెడిపోయిందట. హాలంతా చప్పట్లు! నాకు ఒళ్ళు మండింది.

ఏ పరీక్ష చేసి చెప్పాడీ మాట? ఒక భాషలో ఏ ధ్వనిభేదానికి విలువుందో తేల్చడానికి భాషాశాస్త్రంలో ఒక పద్ధతుంది. ఒక్క ధ్వని మాత్రమే మారి, దానితో అర్థమూ మారిపోయే రెండు మాటల్ని పక్కపక్కన పెడతారు. వీటిని కనిష్ఠ యుగ్మాలంటారు. కల్లు, కళ్ళు అలాంటి జత. పెద్దమనిషి నోట ల, ళ కలిసిపోతే తాగేదీ చూసేదీ ఒకటైపోతాయి. కనుక ఆయన తెలుగులో ఆ భేదం అవసరమే.

కానీ ఆ జత కామాటిపురాది కాదు. ఆ పేటకి పేరిచ్చిన కామాటీలు నిజాం ఇలాకా నుంచి వచ్చి బొంబాయిని కట్టిన కూలీలు. వాళ్ళు తెచ్చుకున్న తెలుగులో కన్నుకి బహువచనం కండ్లు. ఇల్లు, ఇండ్లు, ముల్లు, ముండ్లు. 'ళ' పోయినా కల్లు కల్లే, కండ్లు కండ్లే. కాళ్ళని కాల్లు అన్నా ఒంటికాలితో కలవదు, ద్విత్వం కాపాడుతుంది. పైగా ఇండ్లు, కండ్లు గ్రాంథికం ఒప్పుకున్న రూపాలే. వాటిని చెడిన భాష అనడానికి నోరెలా వచ్చింది? కల, కళ మాత్రం కొందరి నోట కలిసిపోవచ్చు. ఒక్క జత కలిసినంత మాత్రాన భాష చావదు.

ఒత్తుల సంగతీ అంతే. మరాఠీలో దార్ అంటే తలుపు, ధార్ అంటే కత్తి పదును. మరాఠీ బడిలో చదివిన మన పిల్లవాడు ఈ రెంటినీ తేడాగా పలికి, ఇంటికొచ్చి 'బాష' అంటాడు. నోటికి చేతకాక కాదు. ఇంటి తెలుగులో అర్థాన్ని విడదీసే పని ఒత్తుకి దాదాపు లేదు. కరం, ఖరం అంటూ నిఘంటువు జతలు తెస్తే ఒప్పుకోను. చాల్‌లో ఎవరూ గాడిదను ఖరమనరు.

పరీక్ష చేయాలంటే కాగితం చదివించకూడదు, చదివితే బడి ఉచ్చారణ వచ్చేస్తుంది. బొమ్మ చూపించి చెప్పించాలి. ఆ మాటల్ని వరస కలిపేసి అదే గల్లీ మనిషికి వినిపించి, ఏ బొమ్మో చూపమనాలి. సగానికి సగం తప్పితే అది ఊహ, అక్కడ భేదం లేదు. దాదాపు ప్రతిసారీ సరిగ్గా చూపితే, మన చెవికి అందకపోయినా భేదం ఉన్నట్టే. జత దొరకనంత మాత్రాన భేదం లేదనీ అనకూడదు, దగ్గరి మాటలతో మళ్ళీ చూడాలి.

చాల్‌లు కూలిపోతున్నాయి, ముసలివాళ్ళు వెళ్ళిపోతున్నారు. తీర్పులు మాని రికార్డు చేయండి. వాళ్ళ జతలు వాళ్ళ నోటే వినండి, ఆ తర్వాత మాట్లాడండి.