అరబిక్ అగ్రిమెంట్ ఫొటో వాట్సాప్‌లో వచ్చిందా? సౌదీ వెళ్లేవాళ్లు సంతకానికి ముందు చూడాల్సిన లైన్లు ఇవే!

గల్ఫ్ జాబ్ ఖాయమైందంటే ముందుగా చేతికి వచ్చేది వీసా కాదు. వాట్సాప్‌లో ఓ ఫొటో. రెండు మూడు పేజీల అరబిక్ కాగితం, కింద కంపెనీ స్టాంపు, పక్కన సంతకానికి ఖాళీ జాగా. "జీతం 1700 రియాల్స్, డ్యూటీ 8 గంటలు, రెండేళ్లు.. సంతకం పెట్టి పంపెయ్" అని ఏజెంట్ వాయిస్ మెసేజ్. నిజామాబాద్, జగిత్యాల వైపు అయినా, కడప, రాజంపేట వైపు అయినా సీన్ ఇదే.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. సౌదీ కార్మిక చట్టం ప్రకారం అరబిక్‌లో ఉన్నదే లెక్క. పక్కనే ఇంగ్లిష్‌లో ఇంకోలా రాసి ఉన్నా, రేపు గొడవ వస్తే కోర్టు చూసేది అరబిక్ మాటనే. ఇక ఏజెంట్ వాయిస్ మెసేజ్ సంగతి చెప్పక్కర్లేదు.

మరి అరబిక్ రానివాళ్లు ఏం చేయాలి? చదివి చెప్పేవాళ్లు మన ఊళ్లలో దొరుకుతారు. ఏళ్ల తరబడి అక్కడ పనిచేసి వచ్చినవాళ్లు, ఉర్దూ, అరబిక్ వచ్చిన మౌల్వీలు ఉంటారు. కానీ "ఏముంది అందులో?" అని అడిగితే "అంతా బాగానే ఉంది" అనే జవాబే వస్తుంది. అడగాల్సింది అలా కాదు. ఏ లైన్ కావాలో చెప్పి, దాన్ని మాటకు మాట చదివించుకోవాలి.

ముందు అంకెలు మీరే చదవండి

అరబిక్ కాగితాల్లో అంకెలు చాలాసార్లు మనం వాడేవి కావు. అలాగని కష్టమేమీ కాదు. అక్షరాలు కుడి నుంచి ఎడమకు ఉన్నా, అంకెలను మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. నిలువు గీత అంటే 1. చిన్న చుక్క అంటే సున్నా. మన సున్నాలా గుండ్రంగా కనిపించేది 5. మన 7లా కనిపించేది 6. ఇంగ్లిష్ 'వి' అక్షరంలా ఉంటే 7, అదే తలకిందులుగా ఉంటే 8. మన 3ని అటు తిప్పినట్టు ఉంటే 4.

ఫొటోతో వచ్చే ప్రమాదం ఆ చుక్కతోనే. సున్నా అంటే చుక్కే కాబట్టి ఫొటో మసకగా ఉంటే ఒక సున్నా మాయమైపోవచ్చు, మరక పడితే లేని సున్నా వచ్చి చేరొచ్చు. అందుకే జీతం అంకె పక్కనే అక్షరాల్లో కూడా రాసి ఉందేమో చూసి, దాన్నే చదివించుకోవాలి. ఇంకో విషయం, పేజీలన్నీ వచ్చాయా? మొదటి పేజీ, సంతకం పేజీ మాత్రమే పంపితే మధ్య పేజీ అడగాల్సిందే. ఉద్యోగం నుంచి తీసేసే రూల్స్ ఉండేది సాధారణంగా అక్కడే.

1700 ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. జగిత్యాల జిల్లా నుంచి రియాద్‌లో కన్‌స్ట్రక్షన్ పనికి వెళ్తున్న ఓ యువకుడికి ఏజెంట్ చెప్పింది 1700 రియాల్స్ అనుకుందాం. కాగితంలో మాత్రం 'అల్ అజ్ర్ అల్ అసాసీ' అనే చోట 1000 అని ఉంది. అంటే బేసిక్ జీతం. దాని కింద 'బదల్' అనే మాటతో 300. అంటే అలవెన్సు, ఇక్కడ తిండి ఖర్చు. మొత్తం 1300. మరి మిగతా 400 ఏమైనట్టు?

జవాబు డ్యూటీ గంటల లైన్‌లో ఉంది. సౌదీ చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు లేదా వారానికి 48 గంటలే మామూలు డ్యూటీ. రంజాన్ నెలలో ముస్లిం కార్మికులకు రోజుకు 6 గంటలే. దాటితే ఓవర్‌టైమ్. ఓటీ లెక్క ఇలా ఉంటుంది. గంటకు వచ్చే జీతం, దానిపైన గంట బేసిక్‌లో సగం. నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటలు చొప్పున 240 గంటలు. 1300ను 240తో భాగిస్తే గంటకు సుమారు 5.42 రియాల్స్. 1000 బేసిక్‌కు గంటకు 4.17, అందులో సగం 2.08. రెండూ కలిపితే ఓటీ గంటకు 7.50 రియాల్స్.

ఇప్పుడు రోజుకు 2 గంటల ఓటీ, నెలకు 26 రోజులు వేసుకోండి. 52 గంటలకు 390 రియాల్స్. 1300కు 390 కలిపితే 1690. ఏజెంట్ చెప్పిన 1700 ఇదే! అంటే ఆయన చెప్పింది పచ్చి అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. అది 10 గంటల డ్యూటీకి వచ్చే డబ్బు. ఓటీ ఉన్న నెలల్లో వస్తుంది, సైట్‌లో పని తగ్గితే 1300 మాత్రమే. వడ్డీకి తెచ్చిన అప్పుకు నెలనెలా కిస్తీ లెక్క వేసుకునేవాళ్లు 1700 మీద కాదు, 1300 మీద వేసుకోవాలి.

ఇక్కడ వెతకాల్సిన మాట ఇంకొకటి ఉంది. 'షామిల్'. అంటే 'అన్నీ కలిపి' అని అర్థం. జీతం లైన్‌లో ఈ మాట కనిపిస్తే ఏమేం కలిపారో ఆ వాక్యం చివరిదాకా చదివించుకోవాలి. రూమ్, బస్సు ఖర్చు కలిపారంటే అవి విడిగా ఇవ్వరన్నమాట. ఓటీ కూడా కలిపామని రాస్తే మాత్రం సంతకం ఆపి అడగాల్సిందే. ఎందుకంటే 10 గంటలు పనిచేయించుకుని 8 గంటల జీతం ఇవ్వడానికి అదే దారి.

అసలు కిటుకు '77'లో..

జీతం, గంటల గురించి అందరూ అడుగుతారు. మధ్యలో మానేస్తే ఏంటి, తీసేస్తే ఏంటి అని అడిగేవాళ్లు తక్కువ. ఎక్కువ డబ్బు పోయేది మాత్రం అక్కడే.

కాగితంలో రెండు 'వి' అక్షరాలు పక్కపక్కన ఉన్నట్టు కనిపిస్తే అది 77. చట్టంలో 77వ ఆర్టికల్. సరైన కారణం లేకుండా కాంట్రాక్టును మధ్యలో తెంచేస్తే ఎంత కట్టాలో చెప్పేది ఇదే. గడువు ఉన్న కాంట్రాక్టు అయితే మిగిలిన నెలల జీతం మొత్తం కట్టాలి. మన యువకుడిది రెండేళ్ల కాంట్రాక్టు. 10వ నెలలో కంపెనీ ఊరికే తీసేసిందనుకుందాం. మిగిలింది 14 నెలలు. నెలకు 1300 చొప్పున 18,200 రియాల్స్ పరిహారం రావాలి.

కానీ ఆ ఆర్టికల్ మొదట్లోనే ఒక మినహాయింపు ఉంది. కాంట్రాక్టులోనే పరిహారం ఇంత అని రాసుకుంటే ఆ మొత్తమే వర్తిస్తుంది. కాబట్టి మధ్య పేజీలో 'తెంచేసినవాళ్లు రెండు నెలల జీతం ఇవ్వాలి' అనే ఒక్క వాక్యం ఉంటే చాలు, 18,200 కాస్తా 2,600 అయిపోతుంది. ఒక్క లైన్ ఖరీదు 15,600 రియాల్స్!

అలాగని ఈ లైన్ కార్మికుడికి ఎప్పుడూ నష్టమే అనుకోవద్దు. 77 రెండు వైపులా కోసే కత్తి. కంపెనీ తప్పేమీ లేకపోయినా కార్మికుడే 10వ నెలలో వదిలేసి వస్తే, కంపెనీ కూడా అదే లెక్కన అడగొచ్చు. అప్పుడు 2,600 అని రాసి ఉండటమే అతనికి మేలు. కాబట్టి చూడాల్సింది ఆ లైన్ ఉందా లేదా అని మాత్రమే కాదు, రెండు వైపులా ఒకే మొత్తం రాశారా అని. కార్మికుడు మానేస్తే ఆరు నెలల జీతం, కంపెనీ తీసేస్తే ఒక నెల జీతం అని ఉంటే అది సంతకం పెట్టదగ్గ కాగితం కాదు.

తలకిందుల 'వి', పక్కన చుక్క కనిపిస్తే 80. తప్పు చేసిన కార్మికుణ్ని పరిహారం లేకుండా తీసేసే ఆర్టికల్ ఇది. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇందులోని గైర్హాజరీ రూల్‌లో. సరైన కారణం లేకుండా వరుసగా 15 రోజులకు మించి, లేదా ఏడాదిలో విడివిడిగా 30 రోజులకు మించి డ్యూటీకి రాకపోతే తీసేయొచ్చు. అయితే ముందుగా రాతపూర్వకంగా హెచ్చరిక ఇవ్వాలి. దీని ఎదురు పక్షంలో 81 ఉంది. జీతం ఇవ్వకపోవడం లాంటి పెద్ద ఉల్లంఘన జరిగినా, పని విషయంలో మోసం చేసి తీసుకొచ్చినా నోటీసు లేకుండా మానేసే హక్కు కార్మికుడిది. మోసం అని నిరూపించడానికి పనికొచ్చేవి ఆ కాగితం ఫొటో, ఏజెంట్ మెసేజ్‌లే. ఫోన్ మెమరీ నిండిందని వాటిని డిలీట్ చేయొద్దు.

వీటన్నిటికంటే ముందు వచ్చేది 'తజ్రిబా', అంటే ప్రొబేషన్. ఇది గరిష్ఠంగా 180 రోజులు. ఈ టైమ్‌లో తీసేస్తే 77 పరిహారం ఉండదు. కాగితంలో 90 అని ఉందా 180 అని ఉందా అన్నది అందుకే ముఖ్యం. తిరుగు టికెట్ మామూలుగా కంపెనీదే. పని చేతకాదని తేలినా, సరైన కారణం లేకుండా తనంతట తను వచ్చేస్తానన్నా ఖర్చు కార్మికుడి మీద పడుతుంది.

రెండేళ్లూ పూర్తి చేస్తే? మొదటి ఐదేళ్లలో ఏడాదికి అర నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు వస్తుంది. మన ఉదాహరణలో 1300 రియాల్స్. ఇక్కడా ఒక మెలిక ఉంది. గడువుకు ఇన్ని రోజుల ముందు చెప్పకపోతే కాంట్రాక్టు దానంతటదే రెన్యువల్ అవుతుందని చాలా కాగితాల్లో ఉంటుంది. చెప్పకుండా ఊరుకుని గడువు దాటాక వచ్చేస్తానంటే, అది కొత్త కాంట్రాక్టును తెంచినట్టు అవుతుంది. మళ్లీ 77కే వస్తాం. ఆ తేదీని ఇప్పుడే క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవడం మంచిది.

పని పేరు ఏమని ఉంది?

పైన చెప్పిందంతా కంపెనీ కార్మికులకు. 'మిహ్నా' అనే చోట, అంటే వృత్తి దగ్గర, 'ఆమిల్ మన్జిలీ' అని ఉంటే ఇంటి పనివాడు, 'సాయిక్ ఖాస్' అని ఉంటే ఇంటి డ్రైవర్. వీళ్లు ఈ కార్మిక చట్టం కిందకు రారు, వాళ్ల రూల్స్ వేరే ఉంటాయి. కంపెనీ డ్రైవర్ అని చెప్పి ఇంటి డ్రైవర్ వీసా చేతిలో పెడితే 48 గంటలు, 77 ఆర్టికల్ అన్నీ గాలికి పోయినట్టే. కాగితంలో ఉన్న వృత్తి, వీసాలో ఉన్న వృత్తి ఒకటేనా అని పోల్చి చూడాలి.

సౌదీ చేరాక కంపెనీ కాంట్రాక్టును 'కివా' అనే ప్రభుత్వ పోర్టల్‌లో పెడుతుంది. కార్మికుడు తన లాగిన్‌తో దాన్ని చూసి ఓకే చేయాలి. ఊళ్లో చూసిన కాగితంలో 1000 ఉండి, కివాలో 800 ఉంటే ఓకే కొట్టకముందే అడగాలి. పాస్‌వర్డ్ క్యాంపు ఇన్‌చార్జికి ఇచ్చి "అన్నా, నువ్వే చేసెయ్" అంటే జీతం అంకె కూడా ఆయన చేతిలో పెట్టినట్టే. గొడవ వస్తే కేసు వేయడానికి పని ఆగిన రోజు నుంచి 12 నెలలే గడువు.

ఇండియాలో ఉండగా అయితే ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అనుమానం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 1800 11 3090కి కాల్ చేయొచ్చు. కాల్ చేసేటప్పుడు కాగితం మూడు పేజీలూ చేతిలో ఉంచుకుని, ఏ లైన్ మీద అనుమానమో అదే చదివి చెప్పాలి.