లస్సీ గ్లాసులో పంచదార ఎంత?

మే నెల ఎండలో రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డు మీద తిరిగేవాళ్లకు రోజ్‌మిల్కో లస్సీయో తాగాలనిపిస్తుంది. షుగరు ఉన్నవాళ్లు రోజ్‌మిల్క్‌ని ఎలాగో వదులుకుంటారు. లస్సీ దగ్గరకొచ్చేసరికి మాత్రం "పెరుగే కదా" అని ధైర్యం చేస్తారు. ఆ ధైర్యం ఉప్పు లస్సీ వరకే చెల్లుతుంది.

పెద్ద గ్లాసు లస్సీకి 200 గ్రాముల పెరుగు పడుతుందనుకుందాం. అందులో పాల నుంచి వచ్చిన లాక్టోజ్ అనే చక్కెర 9 గ్రాములకు మించదు. పాలు తోడుకునేటప్పుడే అందులో కొంత పులుపుగా మారిపోతుంది. పెరుగులోని మాంసకృత్తులు, వెన్న మిగిలినదాన్ని నెమ్మదిగా రక్తంలోకి వదులుతాయి. ఉప్పు లస్సీ అంటే ఇంతే, ఒక గిన్నె పెరుగు తిన్నట్టు.

అదే గ్లాసులో ఐదు చెంచాల పంచదార వేస్తే మరో 25 గ్రాములు చేరతాయి. మొత్తం 34 గ్రాములు, అంటే చిన్న కప్పు అన్నంలో ఉన్నంత పిండిపదార్థం. నమలాల్సిన పని లేని ద్రవం కనుక ఆ పంచదార త్వరగా రక్తంలో కలుస్తుంది. పైన వేసే మీగడ ఆ వేగాన్ని కాస్త తగ్గిస్తుందేమో గానీ పంచదారను తగ్గించదు. పంచదార బదులు బెల్లమో తేనో వేసినా ఫలితం దాదాపు ఒకటే. భోజనం చేసి వెంటనే తీపి లస్సీ తాగడం నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ అలవాటు, ఎందుకంటే అన్నం లెక్క మీద ఇది అదనంగా పడుతుంది.

అనుమానం ఉంటే గ్లూకోమీటరుతో తేల్చుకోవచ్చు. తాగే ముందు ఒకసారి, తాగాక గంటకు, రెండు గంటలకు చూసుకోండి. మరో రోజు అదే వేళకు, అంతకుముందు అదే తిండి తిని, ఉప్పు లస్సీతో చూడండి. తేడా మీ ఒంటి లెక్కలోనే తెలుస్తుంది.

ఉప్పు లస్సీకీ ఒక హద్దుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమంటుంది. అర చెంచా ఉప్పు పడితే అందులో సగం ఒక్క గ్లాసులోనే అయిపోతుంది. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు చిటికెడుతో ఆపించాలి. రుచి కోసం కొందరు ఉప్పు లస్సీలోనూ కాస్త పంచదార కలుపుతారు, కనుక ముందే అడగండి. నన్నడిగితే మన పల్చని మజ్జిగే మేలు. ఒక వంతు పెరుగుకు మూడు వంతుల నీళ్లు పోసి, అల్లం, కరివేపాకు, నిమ్మరసం వేస్తే గ్లాసుకు 3 గ్రాముల చక్కెర కూడా ఉండదు.

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకు ఎండలో చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే వడదెబ్బనుకుని మజ్జిగ ఇచ్చేస్తుంటారు. అది షుగరు పడిపోవడం కావచ్చు. మీటరులో 70 కంటే తక్కువుంటే ఉప్పు లస్సీ ఏ మాత్రం పనికిరాదు. తీపి లస్సీలోని వెన్న కూడా ఆలస్యం చేస్తుంది. తెలివిలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.