తప్పులను వేరుచేసే గంట

నీట్ పరీక్షకు మరోసారి సిద్ధమవుతున్న పిల్లలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వారికి పాఠాలు చెప్పేవారు దొరుకుతున్నారు, నమూనా పరీక్షలూ దొరుకుతున్నాయి. రాసిన పరీక్షను పక్కన కూర్చుని పరిశీలించే మనిషే దొరకడం లేదు. చదువుకున్న మన అక్కచెల్లెళ్లూ, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులూ ఇంటి నుండే చేయగల సేవ ఇది. వారానికి ఒక విద్యార్థికి ఒక గంట చాలు.

నీట్‌లో 180 ప్రశ్నలుంటాయి. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు ఒక మార్కు పోతుంది. అంటే తెలిసిన ప్రశ్నను తప్పు రాస్తే మనకు కలిగే నష్టం ఒక మార్కు కాదు, 5 మార్కులు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక అమ్మాయి నమూనా పరీక్షలో 112 సరిగా రాసి, 48 తప్పు రాసి, 20 వదిలేసిందనుకుందాం. ఆమెకు 448లో 48 పోగా 400 మార్కులు వస్తాయి. ఇంట్లో అందరూ ఆ 400నే చూస్తారు. ఈ సేవ చేసేవారు మాత్రం ఆ 48 తప్పులను చూడాలి.

పరీక్ష రాసేటప్పుడే, ఊహించి జవాబు పెట్టిన ప్రతి ప్రశ్న పక్కనా ప్రశ్నపత్రంపై చిన్న చుక్క పెట్టమని ముందుగా చెప్పాలి. మరునాడు కూర్చున్నప్పుడు, జవాబుల వివరణ చూపకుండా, తప్పిన ప్రశ్నను పైకి చదివించాలి. చదువుతూనే ‘అయ్యో, సరికానిది అడిగాడు’ అంటే అది చదవడంలో పొరపాటు. పద్ధతి సరిగా ఉండి సంఖ్య మాత్రమే మారితే అది లెక్కలో పొరపాటు. పాఠ్యపుస్తకంలోని పేజీ చూపగానే గుర్తొస్తే అది మరపు. పేజీ చూపినా అర్థం కాకపోతే అది తెలియనిది. ఈ నాలుగు కుప్పలుగా వేరుచేయడానికి అన్ని సబ్జెక్టులలోనూ పండితులై ఉండనక్కరలేదు.

మన ఉదాహరణలో చదవడంలో 11, లెక్కలో 9, మరపు వల్ల 18, తెలియక 10 తప్పులు పోయాయనుకుందాం. మొదటి రెండూ కలిపి 20. అంటే కొత్త పాఠం ఒక్కటీ చదవకుండానే ఆ అమ్మాయికి అందే దూరంలో 100 మార్కులు ఉన్నాయన్నమాట. అందులో సగం దక్కినా 450 అవుతుంది.

తరువాతి వారపు ప్రణాళిక ఈ కుప్పల నుండే పుట్టాలి. మరచిన 18లో ఎక్కువ భాగం జంతు రాజ్యం, వృక్ష రాజ్యం అధ్యాయాల నుండే వచ్చాయనుకుంటే, ఆ వారం కొత్త అధ్యాయం ఆపి ఆ రెండింటినే తిరిగి చదివించాలి. లెక్కల పొరపాట్లలో సెంటీమీటర్లను మీటర్లుగా మార్చకపోవడమే పదేపదే కనిపిస్తే, రోజూ పది నిమిషాలు దానిపైనే సాధన చేయించాలి. చుక్క పెట్టినవాటిలో అదృష్టవశాత్తూ సరైనవి కూడా మరపు కుప్పలోనో తెలియని కుప్పలోనో చేరవలసిందే. మరోసారి ఆ అదృష్టం ఉంటుందని చెప్పలేము.

ప్రతి తప్పుకూ ఒక నోటుపుస్తకంలో ఒకే వాక్యం రాయించాలి: ఏ అంశం, ఎందుకు పోయింది. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. మొత్తం జవాబును అందంగా ఎత్తి రాసుకుంటారు. పుస్తకం నిండుతుంది గాని దాన్ని తిరిగి ఎవరూ తెరవరు. మూడు రోజుల తరువాత ఒకసారి, పది రోజుల తరువాత మరోసారి అవే ప్రశ్నలను చూడకుండా చేయించినప్పుడే ఆ పుస్తకానికి ప్రయోజనం. మరొక చిక్కు ఏమిటంటే, పిల్లలు ప్రతి తప్పునూ ‘తొందరలో పోయింది’ అంటారు. ఒకే అంశం మూడోసారి తప్పితే అది తొందర కాదు, ఆ పాఠం రాదని అర్థం.

ఈ సేవకు హద్దులున్నాయి. తెలియని కుప్పే అన్నిటికన్నా పెద్దదైతే ఈ గంట చాలదు. ఆ విద్యార్థికి కావలసింది పాఠం చెప్పే గురువు. అలాగే నిద్ర పట్టకపోవడం, అన్నం మానేయడం, బ్రతుకు మీదే విరక్తి మాటలు కనిపిస్తే తప్పుల పుస్తకం మూసివేసి తల్లిదండ్రులకు వెంటనే చెప్పాలి, వైద్యుని వద్దకు పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌కు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

చివరిగా ఒక నియమం. ఆ పిల్ల మార్కులు మన వద్ద అమానత్. వాటిని పక్కింట్లోనూ, పెళ్లి విందులోనూ ప్రస్తావించరాదు. తన తప్పులు నలుగురికీ తెలుస్తాయన్న భయం ఒక్కసారి కలిగితే ఆమె చుక్కలు పెట్టడం మానేస్తుంది. ఆ చుక్కలు లేనిదే మనం వేరుచేయగలిగింది సగమే.