బిల్లు రాకముందే చెప్పవలసిన మాట

బెంగళూరుకు పని మీద వచ్చే విదేశీ అతిథి భోజనం ముగిశాక బిల్లు చూసి తడబడటానికి కారణం, చట్టం వసూలు చేసేదీ, రెస్టారెంటు కలుపుకునేదీ, ఆచారంగా ఇచ్చేదీ ఆయనకు ఒకే ముద్దగా కనిపించడమే. వెంట ఉన్నవారు ఈ మూడింటినీ విడదీసి చూపితే, ఎంత ఇవ్వాలో అతిథే తేల్చుకుంటారు.

మొదటిది జీఎస్టీ. ఇది ప్రభుత్వ పన్ను, మామూలు రెస్టారెంట్లలో 5 శాతం, తప్పించుకోలేనిది. రెండవది సర్వీసు ఛార్జి, అంటే వడ్డన పేరిట యాజమాన్యం బిల్లులో చేర్చే మొత్తం. దీన్ని అడగకుండా కలపరాదనీ, మరో పేరుతోనూ వసూలు చేయరాదనీ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది; అదే నెలలో వాటి అమలును నిలిపివేసిన ఢిల్లీ హైకోర్టు, రెస్టారెంట్ల సంఘాల వాదన విన్న తరువాత 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. మూడవది టిప్, వడ్డించిన మనిషికి అతిథి తన ఇష్టంతో ఇచ్చే డబ్బు.

ఒక బిల్లును తీసుకుంటే ఈ తేడా సులువుగా తెలుస్తుంది. తిన్నది 2,000 రూపాయలైతే 5 శాతం జీఎస్టీతో 2,100 కావాలి. 10 శాతం సర్వీసు ఛార్జి చేరితే మరో 200 పెరుగుతుంది, పన్నును కూడా 2,200 మీద లెక్కగడితే అది 110 అయి మొత్తం 2,310కి చేరుతుంది. సర్వీసు ఛార్జి ఉన్న వరుసను వేలితో చూపి, తీసేయమని అడగవచ్చనీ, ఉంచితే వేరే టిప్ అక్కరలేదనీ చెప్పడం అతిథికి నిజమైన సాయం. దాన్ని దాచి, పైగా టిప్ కూడా వేయించడం అన్యాయం.

అందరికీ ఒకే వాక్యం పనికిరాదు. టిప్ అందుకునే కార్మికులకు ఫెడరల్ కనీస వేతనం గంటకు 2.13 డాలర్లే ఉన్న అమెరికా నుంచి వచ్చినవారు 15 నుంచి 20 శాతం ఇవ్వకపోతే తప్పేమోనని సంకోచిస్తారు కనుక, ఇక్కడ అంత ఎవరూ ఎదురుచూడరని వారికి చెప్పాలి. టిప్ అలవాటే లేని జపాన్ వారికి మాత్రం, ఇక్కడ ఇస్తే ఎవరూ చిన్నబుచ్చుకోరని చెప్పవలసి వస్తుంది. టోకెను తీసుకుని నిలబడి తినే దర్శినుల్లో ఆ ప్రసక్తే రాదు.

టిప్ గురించి చెప్పే మాట, డబ్బు అడిగినట్లు వినిపించేది ఎక్కువగా సమయం వల్లనే. వెయిటరు బిల్లు పట్టుకుని పక్కన నిలబడినప్పుడు ఎంత మెత్తగా చెప్పినా అది ఒత్తిడే అవుతుంది, అదే మెనూ చూస్తున్నప్పుడు, “ఇక్కడ కూర్చుని తినే చోట కొందరు 5 నుంచి 10 శాతం దాకా ఇస్తారు, ఇవ్వనివారూ ఉంటారు” అంటే సమాచారంగానే మిగులుతుంది. ఇక్కడి కార్డు మిషన్లలో సాధారణంగా బిల్లు మొత్తమే కొడతారు గనుక, ఇవ్వాలనుకునేవారు వంద, యాభై నోట్లు దగ్గర ఉంచుకోవాలని అప్పుడే కలిపి చెప్పవచ్చు.